నాన్న రెండు ఫోటోలు పంపారు, కింద ఒక్క మాట లేదు. ఏం చూడమనో?

ప్లేనో నుంచి, ఊరు కల్వకుర్తి దగ్గర:
అందరికీ నమస్తే. అమెరికాకు ఈ మధ్యే వచ్చాను. రాత్రి నాన్న వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపారు. ఒకటి కొత్త పాసుబుక్కులో భూముల పట్టిక ఉన్న పేజీ, ఇంకోటి తాత కాలం నాటి పహాణీ నకలు. ఏమీ రాయలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. డబ్బు అవసరమా, లేక జాగ్రత్తగా దాచమనా? టెన్షన్‌గా ఉంది. పేర్లు, ఆధార్ నంబర్లు ఇక్కడ పెట్టడం లేదు, అంకెలు మాత్రమే ఇస్తున్నాను. పహాణీలో 214/ఆ 2-20, 215/అ 1-30, మొత్తం 4-10. పాసుబుక్కులో 214/ఆ 2.20, 215/అ 1.03, మొత్తం 3.23.

ఎడిసన్ నుంచి, మిర్యాలగూడ:
తమ్ముడూ, భూమి కొనే ఆలోచన ఉంటే ఆగు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే మాత్రం ఇబ్బంది లేదు.

ఫ్రిస్కో నుంచి, నల్గొండ:
అన్నా, అతను కొనడం గురించి అడగలేదు. నాకు లెక్కలో తేడా కనిపిస్తోంది. 2.20, 1.30 కూడితే 3.50 రావాలి, పహాణీలో 4-10 అని ఉంది. 2.20, 1.03 కూడితే 3.23, పాసుబుక్కు సరిగ్గానే ఉంది. పాత కాగితంలో కూడిక తప్పు, మీ నాన్న అదే చూడమని ఉంటారు.

షార్లెట్ నుంచి, దేవరకొండ:
తేడా ఉందన్నది నిజమే, కానీ తప్పు పాత కాగితంలో లేదు తమ్ముడూ. చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. 40 గుంటలైతే ఎకరం. 20, 30 కలిస్తే 50 గుంటలు, అంటే ఎకరం పది. అందుకే పహాణీలో 4-10 సరైనదే. పాసుబుక్కులో 20, 3 కలిస్తే 23, నలభై దాటలేదు కాబట్టి నీ కూడిక అక్కడ కుదిరింది. ఇక్కడికి రాకముందు నేను తహసీల్దార్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని, ఇలాంటివి రోజూ చూసేదాన్ని.

ఇక ఆయన ఏం అడుగుతున్నారన్న సంగతి. దాచమని అయితే ఫోటో, పేరు ఉన్న మొదటి పేజీతో మొదలుపెట్టి అన్నీ పంపేవారు. డబ్బు కోసమైతే పాత పహాణీ ఎందుకు? పట్టిక ఉన్న పేజీ ఒక్కటే, పక్కనే పాత నకలు పంపారంటే రెండూ పోల్చమనే. తేడా కూడా ఒక్క వరుసలోనే ఉంది. 1.30 ఉండాల్సిన చోట 1.03 పడింది, 27 గుంటలు తగ్గాయి. ఫోటో అంచున వేలు కనిపిస్తుందా? మనవాళ్లు అడగాల్సిన చోట వేలు పెట్టి ఫోటో తీస్తారు. ఏదైనా ఫార్వర్డ్ అయి వచ్చిందా అన్నది కూడా చూడు.

ప్లేనో:
అక్కా, బొటనవేలు సరిగ్గా రెండో వరుస కింద ఉంది! పాసుబుక్కు ఫోటో నాన్న తీసిందే. పహాణీది ఫార్వర్డెడ్ అని ఉంది.

షార్లెట్:
అయితే పహాణీ ఇంకెవరో ఆయనకు పంపారు. విషయం అక్కడే మొదలై ఉంటుంది. ఆయనకు ‘ఇదేంటి నాన్నా’ అని రాయకు. ‘215/అ లో ఎకరా 30కి బదులు ఎకరా 3 పడింది, ఇదేనా అడిగేది?’ అని రాయి. అవుననో కాదనో చెప్పడం ఆయనకు సులువు. సర్వే నంబరు పక్కన అక్షరం కూడా పెద్దగా చేసి చూడు. ఫోటోలో అ, ఆ ఒకేలా కనిపిస్తాయి, అవి వేర్వేరు ముక్కలు.

ప్లేనో:
పొద్దున నాన్న వాయిస్ పెట్టారు: ‘ఔ బిడ్డా, గదే. పంట లోన్ తక్కువొస్తదని బ్యాంకులన్నరు. మీ బాబాయి నకలు పంపిండు. తాత ఆ పక్కాయనకు కొంత తెల్లకాయితం మీద రాసిచ్చిండని ఊర్ల అంటున్నరు, నిజమో అబద్ధమో.’

షార్లెట్:
అలాగైతే అంకెలు తారుమారయ్యాయని ఇప్పుడే అనలేం. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం, అంటే సాదాబైనామా కూడా ఉండొచ్చు. భూభారతి పోర్టల్‌లో 215 కింద ఉన్న ఖాతాలన్నీ చూసి గుంటలు కూడు. ఆ సర్వే నంబరుకు పాత సర్వే రికార్డు సేత్వార్‌లో ఉన్న మొత్తం విస్తీర్ణం ఎంతో బాబాయిని తెలుసుకోమను. కూడికలో 27 గుంటలు తక్కువైతే ఎంట్రీ తప్పు అయ్యే అవకాశం ఎక్కువ. తగ్గకుండా పక్కాయన ఖాతాలో 27 ఎక్కువ కనిపిస్తే, అవి అటు వెళ్లాయి.

ఫ్రిస్కో:
అప్పుడు తాత అమ్మినట్టే కదక్కా?

షార్లెట్:
అంత తొందరెందుకు. 2017లో రికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు పక్కాయన పేరున పొరపాటునైనా పడి ఉండొచ్చు. ఆ తెల్లకాగితం ఎవరి దగ్గరైనా ఉందా అన్నది ముందు. బాబాయికి ఏదైనా పంపాల్సి వస్తే రెండో వరుస మాత్రం కత్తిరించి పంపు, పేజీ మొత్తం వద్దు. ఈసారి ఫోటో కింద ఏం కావాలో ఒక వాక్యం నువ్వైనా రాయి.