“32 మీటర్ల వరకు” అంటే కొనేవాడికి ఏమని వినపడుతుంది?

ఒంగోలు రాతగాడు

నేను ఒక మెషినరీ సప్లయర్ వాళ్ల వెబ్‌సైటుకి తెలుగులో వివరాలు రాస్తుంటాను. క్వారీ గుంటల్లో వాననీళ్లు తోడే 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు గురించి మూడు నెలల కింద ఇలా రాశాను:

“32 మీటర్ల ఎత్తు వరకు, సెకనుకు 15 లీటర్ల వరకు నీటిని తోడుతుంది. 6 మిల్లీమీటర్ల వరకు ఉన్న రాతి రేణువులు అడ్డుపడవు.”

మొన్న చీమకుర్తి నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేసి షాపు వాళ్లని చెడామడా తిట్టాడు. గుంటలో నీళ్లు ఏడెనిమిది గంటల్లో అయిపోతాయనుకుంటే రాత్రంతా నడిపినా అయిపోలేదట. ఓనరేమో “వరకు అని రాశాం కదా, అంత వస్తుందని రాయలేదు కదా” అంటాడు. కంపెనీ కాగితంలో ఉన్న అంకెలే నేను వేశాను, ఒక్కటి కూడా మార్చలేదు. మరి తప్పు “వరకు” అనే మాటదా, నాదా?

రిటైరైన తెలుగు పంతులు

మాట తప్పు కాదు నాయనా. వరకు అనేది హద్దు చెప్పే మాట. బస్సు కావలి వరకు పోతుంది అంటే కావలి చేరుతుంది, హద్దు కూడా అందులో కలిసే ఉంటుంది. కాబట్టి 32 మీటర్ల వరకు అంటే 32 కి కూడా నీళ్లు ఎక్కాలనే అర్థం, కస్టమర్ చదువుకున్నది సరైనదే. ఈ గొడవ వద్దనుకుంటే “గరిష్ఠ ఎత్తు 32 మీటర్లు, గరిష్ఠ ప్రవాహం 15 లీటర్లు” అని రాయండి, సరిపోతుంది.

కావలి కోడలు

మాస్టారూ, హద్దు అన్నిసార్లూ కలవదండీ. “ఆయన వచ్చేవరకు ఆగు” అంటే వచ్చాక ఆగక్కర్లేదు. మా అత్తగారు “శుక్రవారం దాకా ఉండి పో” అంటే శుక్రవారం పొద్దున బయల్దేరాలా, రాత్రి భోంచేసి వెళ్లాలా అని నాకు ఇప్పటికీ టెన్షనే.

చీమకుర్తి మోటారు వైండింగ్

పంతులుగారు చెప్పినట్టు గరిష్ఠం అని పెట్టినా జబ్బు పోదండీ, పేరు మారుతుంది అంతే. నేను ఈ పంపులు విప్పి చుట్టేవాణ్ణి, నా లెక్క చూడండి. సెకనుకు 15 లీటర్లు 32 మీటర్లు ఎక్కాలంటే 15 ని 32 తో, దాన్ని 9.81 తో గుణిస్తే నీళ్లకే 4,700 వాట్ల చిల్లర కావాలి. 5 హెచ్‌పీ మోటారు ఇచ్చేదే 3,730 వాట్లు. పంపు లోపల పోయే నష్టం ఇంకా పక్కనే ఉంది. అంటే మీరు రాసిన వాక్యం లోకంలో ఏ 5 హెచ్‌పీ పంపూ చెయ్యలేనిది. అయినా మీ అంకెలు రెండూ నిజమే, అదే తమాషా. 32 మీటర్ల దగ్గర ఆ పంపు నీళ్లని పైపులో నిలబెడుతుంది, చుక్క బయటికి రాదు. 15 లీటర్లు వచ్చేది ఎనిమిది మీటర్ల దగ్గర. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది, రెండింటికీ వరకు తగిలించి కామాతో కలిపేసరికి చదివేవాడికి రెండూ ఒకేసారి వస్తాయని వినపడింది.

కంపెనీ కాగితంలో వెనకపక్క ఒక వంపు గీత ఉంటుంది, దాన్ని చూశారా?

ఒంగోలు రాతగాడు

చూశానన్నా, బొమ్మే కదా అని వదిలేశాను. ఇప్పుడు తీశాను. 8 మీటర్ల దగ్గర 15 లీటర్లు, 20 దగ్గర 10, 26 దగ్గర 6, 32 దగ్గర సున్నా.

చీమకుర్తి మోటారు వైండింగ్

ఆ కస్టమర్ గుంట ఎంత లోతు, పైపు ఎంత?

ఒంగోలు రాతగాడు

నీళ్ల మట్టం నుంచి గట్టు మీదికి 24 మీటర్లు. మూడంగుళాల పైపు, వంపులతో కలిపి వంద మీటర్లు. నీళ్లు నాలుగు లక్షల లీటర్లు ఉంటాయన్నాడు.

చీమకుర్తి మోటారు వైండింగ్

ఇంకేం, దొరికింది. వంద మీటర్ల మూడంగుళాల పైపులో సెకనుకు 6 లీటర్లు పోతే రాపిడికి ఇంకో రెండు మీటర్లు పోతుంది. 24 కి రెండు కలిపితే 26. మీ గీత మీద 26 దగ్గర ఆరు లీటర్లే. గంటకు 21,600. నాలుగు లక్షలకి పద్దెనిమిదిన్నర గంటలు. ఆయన మీ 15 లీటర్లు పట్టుకుని గంటకు 54,000 అని లెక్కేసుకుని ఉంటాడు, ఏడున్నర గంటలు. పంపు బాగానే పనిచేసింది, మీ వాక్యమే అబద్ధమాడింది.

ఇంకో మాట, మీరు “ఎత్తు” అని రాశారు. హెడ్ అంటే ఒట్టి ఎత్తు కాదు, పైపు రాపిడి కూడా అందులోనే. ఇక్కడ రెండు మీటర్లే కాబట్టి బతికిపోయారు, అదే పైపులో 10 లీటర్లు తోయాలంటే వంద మీటర్లకి ఐదు మీటర్ల దాకా తినేస్తుంది.

ముత్తుకూరు చెరువు

అన్నా, ఈ పంపు రొయ్యల చెరువుకి పనికొస్తుందా? కాలవ నుంచి ఉప్పునీళ్లు మూడు మీటర్లు ఎక్కితే చాలు, కానీ నీళ్లు బాగా రావాలి. రేటెంత?

చీమకుర్తి మోటారు వైండింగ్

వద్దు తమ్ముడూ. ఇది ఎత్తుకి చేసిన పంపు. మూడు మీటర్లకి పెడితే నీళ్లు మీకు కావాల్సినంత రావు, మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. పైగా పోత ఇనుము ఉప్పుకి తినేస్తుంది. తక్కువ ఎత్తుకి ఎక్కువ నీళ్లు తోసే రకం వేరే ఉంటుంది, అది అడగండి.

రిటైరైన తెలుగు పంతులు

సరే, లెక్క నాకు కొత్త, ఒప్పుకుంటున్నాను. అయితే రెండో వాక్యంలో “6 మిల్లీమీటర్ల వరకు రేణువులు” అన్నది కూడా తీసెయ్యాలా? అక్కడ నాకు తప్పేమీ కనపడటం లేదే.

చీమకుర్తి మోటారు వైండింగ్

అది ఉంచాలండీ, అక్కడ వరకు సరిగ్గా కూర్చుంది. ఒక మిల్లీమీటరు రేణువు పోతుంది, మూడు పోతుంది, ఆరు పోతుంది, ఏదీ ఇంకోదాన్ని తగ్గించదు. క్వారీ వాడికి అసలు లాభం కూడా అదే, రాతి పొడి ఇరుక్కుని మాటిమాటికీ పైకి లాగి విప్పే పని తప్పుతుంది. దాన్ని చివర్న పడేసి పైన రెండు గొప్ప అంకెలు పెట్టారు. నేనైతే తిరగేస్తాను.

ఒంగోలు రాతగాడు

ఇలా తిరగరాశాను, చూడండి:

“క్వారీ గుంటల్లో రాతి పొడి కలిసిన నీళ్లకి. 6 మిల్లీమీటర్ల వరకు ఉన్న రేణువులు ఇరుక్కోకుండా పోతాయి. 20 మీటర్ల హెడ్ దగ్గర సెకనుకు 10 లీటర్లు, 26 దగ్గర 6 లీటర్లు. ఉదాహరణకి 24 మీటర్ల లోతు గుంట, మూడంగుళాల పైపు వంద మీటర్లు ఉంటే గంటకు సుమారు 21 వేల లీటర్లు. మీ లోతు, పైపు పొడవు చెబితే మీకు ఎంత వస్తుందో లెక్క కట్టి ఇస్తాం.”

కావలి కోడలు

“దగ్గర” బాగుంది! వరకు అంటే సున్నా నుంచి అక్కడికి మొత్తం దారి కనిపిస్తుంది, దగ్గర అంటే ఒక్క చోటే నిలబెడుతుంది. కానీ హెడ్ అని అలాగే ఉంచేశారేం? తోడే ఎత్తు అనకూడదా?

చీమకుర్తి మోటారు వైండింగ్

తోడే ఎత్తు అంటే మళ్లీ నిలువు కొలత ఒక్కటే అనుకుంటారమ్మా. ఇక్కడ అందరూ హెడ్ అనే అంటారు. ఇంకోటి, ఆ అంకెలు 415 వోల్టుల దగ్గరవి, ఆ సంగతీ ఒక ముక్క రాయండి. మా వైపు సాయంత్రం అంత రాదు.

రిటైరైన తెలుగు పంతులు

మొత్తం ఒత్తిడి ఎత్తు అంటే?

చీమకుర్తి మోటారు వైండింగ్

మాస్టారూ, ఆ మాట చెప్పి పంపు అడిగితే కౌంటర్లో కుర్రాడు బీపీ మిషన్ చూపిస్తాడు.

ఒంగోలు రాతగాడు

ఓనర్‌కి చూపించాను. కింద పేరా ఒప్పుకున్నాడు, వోల్టుల ముక్క కూడా. కానీ పైన పెద్ద అక్షరాల్లో మాత్రం “32 మీటర్ల వరకు” ఉండాల్సిందేనట, పక్క షాపు వాళ్లు 35 అని పెట్టారట. వాళ్ల పంపు కూడా 5 హెచ్‌పీయే. ఇప్పటికి 15 లీటర్లు ఒక్కటి పీకించగలిగాను. ఆ 32 కింద చిన్నగా “ఈ హెడ్ దగ్గర నీరు రాదు” అని పెడితే ఊరుకుంటాడేమో రేపు అడిగి చూస్తాను.