బ్యాంకు కన్ఫర్మేషన్ లెటర్ క్లయింటు చేతికి ఇవ్వొచ్చా?

ఆర్టికల్_బెజవాడ: రోడ్డు కాంట్రాక్టు కంపెనీ ఆడిట్. మార్చి 31 నాటి బ్యాలెన్సులు, లిమిట్లు అడుగుతూ పంపిన లెటర్‌కు బ్యాంకు నెల దాటినా పలకలేదు. "నాకివ్వండి, మేనేజరు తెలిసినవాడే, సాయంత్రానికి సీలు వేయించి తెస్తా" అంటున్నాడు అకౌంటెంటు. ఇవ్వొచ్చా?

సీఏ_గుంటూరు: ఇచ్చేయండి. ఖాతాదారు సంతకం లేనిదే బ్యాంకు ఎలాగూ నోరు విప్పదు. స్టేట్‌మెంటుతో బ్యాలెన్సు సరిపోయిందిగా, ఇంకా టెన్షన్ ఎందుకు?

పాత_ఆడిటరు: సంతకం మాట నిజమే. లెటర్‌హెడ్, సంతకం కంపెనీవే. కానీ పంపాల్సింది మనం, జవాబు రావాల్సింది మన ఆఫీసుకు. ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 505 పట్టుబట్టేది అక్కడే. సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో ఎఫ్‌డీ కన్ఫర్మేషన్లు కంపెనీ చేతుల మీదుగా వెళ్లి, అలాగే వచ్చాయని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. కొన్ని బ్రాంచీలు నేరుగా పంపిన కాగితాల్లో అంకెలు బాగా తక్కువున్నా ఆడిటర్లు ఆరా తీయలేదు.

ఇక స్టేట్‌మెంటు. సీసీ అప్పు ఎంత వాడారో అందులో కనబడుతుంది, బ్యాంకు గ్యారంటీ కనబడదు. ఉదాహరణకు 75 లక్షల గ్యారంటీకి 15 లక్షల ఎఫ్‌డీ మార్జిన్‌గా పెట్టారనుకోండి. పుస్తకాల్లో అది మామూలు డిపాజిట్‌లాగే ఉంటుంది, దాని మీద బ్యాంకుకున్న హక్కు, అంటే లీన్ సంగతి బ్యాంకు చెబితేనే తెలుస్తుంది. అందుకే లెటర్‌లో గ్యారంటీలు, ఎల్‌సీలు, లీన్లు, ఏడాదిలో మూసిన ఖాతాలు కూడా విడివిడిగా అడగాలి.

లక్ష్మి_నెల్లూరు: మా అబ్బాయి వీసాకు బ్యాలెన్సు సర్టిఫికెట్ నేనే వెళ్లి తెచ్చుకున్నా. వీళ్లకెందుకింత రాద్ధాంతం?

పాత_ఆడిటరు: అమ్మా, అది మీ డబ్బుకు మీరు చూపించే రుజువు. ఇక్కడ కంపెనీ చెప్పిందే నిజమా అని బయటివాళ్లను అడుగుతున్నాం.

సీఏ_గుంటూరు: బాగానే ఉంది. సీజన్‌లో ఏ బ్రాంచిలో తీరిక ఉంటుంది? రిపోర్టు ఆపుకుని కూర్చుంటారా?

పాత_ఆడిటరు: కుర్రాణ్నే బ్రాంచికి పంపండి. అకౌంటెంటు తోడు రావచ్చు, కాగితం మాత్రం ఇతని చేతిలోనే ఉండాలి. బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి మన ఆఫీసుకు కాపీ పంపమనాలి. మేనేజరు సొంత మెయిల్ నుంచి వస్తే నేను ఒప్పుకోను.

సీఏ_గుంటూరు: చేతికిచ్చిన సీలు కాగితం ఉండగా మళ్లీ మెయిలా? అది అతి అంటాను.

ఆర్టికల్_బెజవాడ: సార్, బ్యాంకు చార్జీల లెడ్జరు తీశాను. రెండుచోట్ల "బీజీ కమిషన్" అని ఉంది. నోట్స్‌లో గ్యారంటీ ఊసే లేదు. అడిగితే "పాతది, అయిపోయింది" అంటున్నాడు అకౌంటెంటు.

పాత_ఆడిటరు: నిజంగా అయిపోతే ఎఫ్‌డీ మీద లీన్ తీసేసి ఉండాలి. కమిషన్ ఏ నెలల్లో పడిందో చూడు. ఆ గ్యారంటీ రద్దయిందా, ఏ తేదీన అని లెటర్‌లో ఒక లైను చేర్చి, రేపు నువ్వే తీసుకెళ్లు.