రెండు ట్రాన్సిస్టర్లూ సరిజోడే, అయినా కరెంట్ మిర్రర్ అవుట్‌పుట్ ఎక్కువ ఎందుకు చూపిస్తోంది?

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి: మధ్యాహ్నం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. రిఫరెన్స్ వైపు కరెంట్ సరిగ్గా 1.01 మిల్లీ ఆంపియర్లు ఉండగా, అవుట్‌పుట్ వైపు మాత్రం 1.13 వస్తోంది. ట్రాన్సిస్టర్లు రెండూ ఒకేలాంటివి, తీగలు మూడుసార్లు విప్పి మళ్లీ పెట్టాను, మీటరూ మార్చి చూశాను. దయచేసి ఎవరైనా చెప్పండి.

కూకట్‌పల్లి రిపేరు మెకానిక్: మల్టీమీటరులో హెచ్‌ఎఫ్‌ఈ చూసి జత కలిపారా? రెండింటి గెయిన్ సమానంగా లేకపోతే బేస్ కరెంట్ల దగ్గరే తేడా వచ్చేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక ఇరవై కొని ఏరుకోండి, సమస్య తీరిపోతుంది.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: బేస్ కరెంట్ల వల్ల అవుట్‌పుట్ తగ్గుతుంది తప్ప పెరగదండీ. రెండు బేస్‌లకూ కావలసిన కరెంట్ రిఫరెన్స్ నుంచే పోతుంది కాబట్టి, గెయిన్ 100 ఉంటే సుమారు రెండు శాతం లోటు రావాలి. ఈయనకు పన్నెండు శాతం మిగులు కనిపిస్తోంది. సప్లై ఎంత, లోడ్ ఎంత, అవుట్‌పుట్ కలెక్టర్ మీద ఎన్ని వోల్టులు? అవి లేకుండా ఏమీ చెప్పలేము.

మల్కాజ్‌గిరి సభ్యుడు: నాకూ ఇలాగే అయింది. విడి బీసీ547లు రెండు పెట్టి, ఒకదాన్ని వేలితో పట్టుకోగానే కరెంట్ కళ్లముందే మారిపోయింది. ఒక్క డిగ్రీకి బేస్-ఎమిటర్ వోల్టేజ్ రెండు మిల్లీవోల్టులు తగ్గుతుంది, అంటే కరెంట్ ఏడెనిమిది శాతం పెరిగినట్లే. రెండింటినీ వీపుకు వీపు ఆనించి జిగురు పెట్టండి.

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి: జిగురు ఎలా పెట్టమంటారు సార్, రెండూ ఒకే చిప్పులో ఉన్నాయి కదా! అది సీఏ3046, అందులోని క్యూ1, క్యూ2. సప్లై 12 వోల్టులు, రిఫరెన్స్ రెసిస్టర్ 11.2 కిలో ఓములు, లోడ్ 1 కిలో ఓము. చెప్పానేమో అనుకున్నాను.

మల్కాజ్‌గిరి సభ్యుడు: ఆ మాట ముందే రాసి ఉంటే నేను ఇంత రాసేవాడిని కాదు.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: పదమూడో కాలు గ్రౌండ్‌కు కలిపారా?

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి: కలిపాను.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: అయితే చిప్పు మంచిదే, మీ కలెక్టర్ వోల్టేజ్‌లలోనే తేడా ఉంది. రిఫరెన్స్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను బేస్‌కు కలిపారు కాబట్టి దాని మీద 0.7 వోల్టులే ఉంటాయి. రెండోదాని మీద, లోడ్‌లో 1.13 వోల్టులు పోగా, దాదాపు 10.9 మిగులుతున్నాయి. కలెక్టర్ వోల్టేజ్ పెరిగేకొద్దీ బేస్ మందం కాస్త తగ్గి, అదే బేస్ వోల్టేజ్‌కు కరెంట్ ఎక్కువ పారుతుంది. నమ్మకం కలగాలంటే లోడ్ తీసి 10 కిలో ఓములు పెట్టి చూడండి.

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి: 1.01 కి దిగింది! కలెక్టర్ మీద 1.9 వోల్టులు ఉన్నాయి.

కూకట్‌పల్లి రిపేరు మెకానిక్: లోడ్ పెంచితే కరెంట్ తగ్గడంలో వింతేముంది? ఓమ్ నియమమే కదా. అవుట్‌పుట్ రెసిస్టెన్స్ పది కిలోలు అయింది.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: అది లోడ్ రెసిస్టెన్స్. మీరన్నట్లు ఓమ్ నియమమే కారణమైతే లోడ్ పది రెట్లు పెంచినందుకు కరెంట్ పదోవంతుకు పడిపోవాలి, ఇక్కడ పదో వంతు మాత్రమే తగ్గింది. నేననేది ట్రాన్సిస్టర్ సొంత అవుట్‌పుట్ రెసిస్టెన్స్. కలెక్టర్ 9 వోల్టులు మారితే కరెంట్ 0.12 మిల్లీ ఆంపియర్లు మారింది. భాగిస్తే 75 కిలో ఓములు. ఆ గీతను వెనక్కి 0.7 వోల్టుల దాకా లాగితే కరెంట్ 0.99 దగ్గరికి వస్తుంది, అంటే ఇందాక చెప్పిన బేస్ కరెంట్ లోటు అక్కడ బయటపడుతుంది. ఇన్నాళ్లూ మిగులు దాన్ని కప్పేసింది.

మల్కాజ్‌గిరి సభ్యుడు: దీన్నే ఎర్లీ ఎఫెక్ట్ అంటారు. ముందుగా మొదలవుతుంది కాబట్టి ఆ పేరు.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: కాదండీ, అది జేమ్స్ ఎర్లీ అనే ఆయన ఇంటిపేరు.

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి: మరి దీన్ని తగ్గించడం ఎలా? లోడ్ మారుతూనే ఉంటుంది.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: రెండు ఎమిటర్ల కింద చెరొక 1 కిలో ఓము పెట్టి, రిఫరెన్స్ రెసిస్టర్‌ను 10.2 కి తగ్గించండి. కరెంట్ పెరగబోతే ఎమిటర్ కింద వోల్టేజ్ పెరిగి దాన్ని వెనక్కి లాగుతుంది కాబట్టి అవుట్‌పుట్ రెసిస్టెన్స్ సుమారు ఇరవై రెట్లు పెరుగుతుంది. అయితే ఒక వోల్టు అక్కడే పోతుంది; కలెక్టర్ 1.2 వోల్టుల కంటే కిందికి దిగితే మిర్రర్ పనిచేయదు. 10 కిలో ఓముల లోడ్‌తో మీరు ఆ అంచుకు దగ్గరలోనే ఉంటారు. ఇంకొక చిక్కు, క్యూ1, క్యూ2ల ఎమిటర్లు రెండూ మూడో కాలికే వస్తాయి, విడదీయలేరు. క్యూ3, క్యూ4లకు మారండి.

కూకట్‌పల్లి రిపేరు మెకానిక్: ఇంత గొడవ ఎందుకు, విల్సన్ మిర్రర్ కట్టేస్తే పోదా? అది బేస్ కరెంట్ కోసమే లెండి.

కుషాయిగూడ విశ్రాంత ఇంజినీరు: రెండింటికీ పనికొస్తుంది. కానీ దానికీ అవుట్‌పుట్ వైపు సుమారు ఒక వోల్టు కావాలి, పైగా మూడో ట్రాన్సిస్టర్ కావాలి.

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి: క్యూ3కి మార్చాను. 1 కిలో లోడ్‌తో 1.00 చూపిస్తోంది. పది కిలోలది రేపు చూస్తాను, చిప్పు కాళ్లలో ఒకటి వంగింది. థాంక్స్ సార్.