కుడి డొక్కలో నొప్పి, వణుకుతో జ్వరం, కళ్లు పచ్చన: మామూలు కామెర్లేనా?

లంక కోడలు
రాజోలు దగ్గర లంకలో ఉంటామండి. మా అత్తగారికి 63 ఏళ్లు, షుగరుంది. గురువారం రాత్రి భోజనమయ్యాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలై వీపు మీదికి, కుడి భుజం వెనక్కి పాకింది. గ్యాసేలే అని సోడా తాగి పడుకున్నారు. నిన్న మధ్యాహ్నం ఒక్కసారిగా వణుకు. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి, మంచం కిర్రుమంటోంది. తర్వాత జ్వరం 103. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే చెమటలు పట్టి దిగిపోయింది. ఇవాళ పొద్దున్న అరుగు మీద వెలుతురులో చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. మూత్రం గోధుమ రంగులో వస్తోందట. ఇప్పుడు జ్వరం 99, నొప్పి కూడా తగ్గిందంటున్నారు.

మావయ్యగారు పసరు మందుకి బయల్దేరుతున్నారు, ఆదివారం పరగడుపునే ఇస్తారట. మా ఆయనేమో సోమవారం చూద్దాం అంటున్నారు. గాల్ బ్లాడర్ ఆరేళ్ల కిందటే తీసేశారు కాబట్టి రాళ్ల గొడవ కాదని ఆయన ధైర్యం. సోమవారం దాకా ఆగొచ్చా?

పాలకొల్లు పెద్దాయన
కంగారు పడకమ్మా. కామెర్లకి విశ్రాంతే మందు. మా అబ్బాయికి కాలేజీలో ఉండగా వచ్చాయి, ఎస్‌జీపీటీ 2400. డాక్టరు గారే మందులేమీ వద్దన్నారు. మజ్జిగన్నం, ఇడ్లీ పెట్టాం. నెల తిరక్కుండా లేచి తిరిగాడు. అనవసరంగా పెద్దాసుపత్రికి పోతే బిల్లు తప్ప ఒరిగేదేం లేదు. పసరు మాత్రం వద్దు, అది నేనూ ఒప్పుకోను.

గ్యాస్ బాధితుడు
నాకూ భోజనం తర్వాతే వస్తుందండి ఈ నొప్పి. పరగడుపున పాంటప్ వేసుకుని, ఆవకాయ, పచ్చిమిరపకాయ బజ్జీలు మానేస్తే సర్దుకుంది. ఎండోస్కోపీలో చిన్న పుండు కనబడింది. మీ అత్తగారు కారం ఎక్కువ తింటారా?

ఎండోస్కోపీ సిస్టర్
లంక కోడలు గారూ, సోమవారం దాకా ఆగకండి. ఇవాళే బయల్దేరండి. నేను గ్యాస్ట్రో వార్డులో, ఈఆర్‌సీపీ గదిలో పనిచేస్తాను, అంటే నోట్లోంచి ట్యూబు పంపి పైత్యరసం గొట్టంలో అడ్డం తీసే చోట. కుడి డొక్క నొప్పి, వణుకుతో జ్వరం, కళ్లు పచ్చబడటం, ఈ మూడూ కలిసి వస్తే మేం ముందు అనుమానించేది పైత్యరసం గొట్టంలో ఇన్ఫెక్షన్. డాక్టర్లు కొలాంజైటిస్ అంటారు.

పెద్దాయన గారు చెప్పింది వైరస్ కామెర్లకి నిజమే. కానీ అక్కడ వరస వేరుగా ఉంటుంది. ముందు నాలుగైదు రోజులు జ్వరం, వాంతులు, అన్నం చూస్తే అసహ్యం. కళ్లు పచ్చబడేసరికి జ్వరం సాధారణంగా వెనకపడుతుంది. మీ అత్తగారికి ముందు నొప్పి, ఆ వెంటనే వణుకు, మర్నాడే పచ్చదనం. నాలుగు రోజుల్లోపు మూడూ వచ్చేశాయి. ఆ వణుకే నన్ను కంగారు పెడుతోంది. కాలువకి దిగువన లాకు మూసేస్తే ఎగువన నీళ్లు గట్టు మీదికెక్కినట్టు, గొట్టం కింద రాయి అడ్డుపడితే పైన పైత్యరసం నిలిచిపోతుంది. నిలిచిన రసంలో పేగుల్లోని బాక్టీరియా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ క్రిములు లివర్ దారిన రక్తంలోకి పోతాయి. అలా పోయినప్పుడే ఒళ్లు అదిరిపోయేలా వణుకొస్తుంది.

ఇంజెక్షన్‌తో జ్వరం దిగడం చూసి మోసపోకండి. జ్వరం మందు వేడిని దించుతుంది, అడ్డం అక్కడే ఉంటుంది. రాయి కాస్త కదిలి రసం కొంచెం జారినా ఒక పూట నొప్పి తగ్గుతుంది, మళ్లీ బిగుస్తుంది.

గాల్ బ్లాడర్ తీసేసినా గొట్టం ఉంటుంది కదండీ. ఆపరేషన్‌కి ముందే గొట్టంలోకి జారిపోయిన రాయి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండొచ్చు. కొత్తగా గొట్టంలోనే తయారవ్వచ్చు కూడా.

వెళ్లేముందు ఏమీ తినిపించకండి, పసరు అసలే వద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు. వాడే మందులన్నీ సంచిలో వేసుకోండి, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్ర ఉంటే దాని పేరు ముందే చెప్పండి.

చెరువు శీను
భీమవరం దగ్గర రొయ్యల చెరువులండి మావి. పోయిన వానాకాలం నాకూ ఇలాగే, వణుకు, జ్వరం, కళ్లు పచ్చన. తీరా చూస్తే ఎలుకల మూత్రం నీళ్లలో కలవడం వల్ల వచ్చే జ్వరం, లెప్టో. ఆ పరీక్ష కూడా రాయించండి. డాక్సీసైక్లిన్‌తో తగ్గింది నాకు.

ఎండోస్కోపీ సిస్టర్
శీను గారూ, మన డెల్టాలో అది గుర్తు పెట్టుకోవాల్సిందే. మీకు పిక్కలు పట్టేసి నడవలేకపోయారా? కళ్లు పచ్చగానే కాక ఎర్రగా కూడా ఉన్నాయా?

చెరువు శీను
ఆయ్, పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేది. కళ్లు జీరలు కట్టి ఎర్రగా ఉండేవి. డొక్కలో మాత్రం నొప్పి లేదు.

ఎండోస్కోపీ సిస్టర్
అదీ తేడా. ఈవిడకి నొప్పి ముందు, అదీ పక్కటెముకల కింద. అయినా పరీక్ష పంపితే నష్టం లేదు. ఆ ఫలితం కోసం మిగతా వైద్యం ఆగకూడదంతే.

లంక కోడలు
అమలాపురంలో స్కానింగ్, రక్త పరీక్షలు అయ్యాయండి. తెల్లకణాలు 18,400. బిలిరుబిన్ 6.2, అందులో డైరెక్ట్ 4.9. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 430. ఎస్‌జీపీటీ 160. స్కానింగ్‌లో గొట్టం 13 మిల్లీమీటర్లు వెడల్పు, 'రాయి కనిపించలేదు' అని రాశారు. రాయి లేదు కాబట్టి సెలైన్, యాంటీబయాటిక్ పెట్టి చూద్దామంటున్నారు ఇక్కడ. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంటికి తీసుకెళ్లిపోవచ్చా?

ఎండోస్కోపీ సిస్టర్
తీసుకెళ్లకండి. రాయి కనిపించకపోవడం, రాయి లేకపోవడం ఒకటి కాదు. గొట్టం చివరి భాగం పేగు వెనక దాక్కుని ఉంటుంది. పేగులో గాలి అడ్డొస్తే కడుపు మీద నుంచి చేసే స్కానింగ్‌కి అక్కడ చీకటే. గాల్ బ్లాడర్ తీసేసిన పెద్దవాళ్లలో గొట్టం ఊరికే కూడా కాస్త వెడల్పవుతుంది, 10 దాకా చూస్తుంటాం. ఒక్క 13 అంకె చూసి ఏమీ చెప్పలేం. కానీ దానికి తోడు తెల్లకణాలు, డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మూడూ పైకెక్కి కూర్చున్నాయి. ఎక్కడో అడ్డుంది.

పెద్దాయన గారబ్బాయి ఎస్‌జీపీటీ వేలల్లో ఉంది చూశారా, ఇక్కడ 160. లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు ఎగిరేది అది, రసం నిలిచినప్పుడు ఎగిరేది ఫాస్ఫటేజ్. రాయి గట్టిగా అడ్డుపడిన మొదటి రోజు రెండూ ఎగరొచ్చు కాబట్టి దీన్ని శిలాశాసనంలా పట్టుకోవద్దు.

యాంటీబయాటిక్ మొదలెట్టడం మంచిదే, కుదిరితే దానికి ముందే ఏ క్రిమో తెలిసేలా రక్తం కల్చర్‌కి తీయమనండి. కానీ మూసుకుపోయిన గొట్టంలోకి మందు సరిగ్గా చేరదు. అడ్డం తీసి రసానికి దారివ్వాలి. ఈఆర్‌సీపీ సౌకర్యం ఉన్న చోటికి, కాకినాడో రాజమండ్రో, ఇవాళే మార్చడం మేలు. ఒక మాట: బీపీ ఎంతుంది? మనిషి సరిగ్గా మాట్లాడుతున్నారా?

లంక కోడలు
పొద్దున 110/70 అన్నారు. ఇప్పుడు మళ్లీ వణుకొచ్చింది. బీపీ 90/60. మా చిన్నాడపడుచు పేరు పెట్టి నన్ను పిలుస్తున్నారు, ఆవిడ హైదరాబాదులో ఉంటుంది.

ఎండోస్కోపీ సిస్టర్
అయితే ఇంక ఆలోచించొద్దు. బీపీ పడటం, మాట తడబడటం ఈ జబ్బులో చాలా చెడ్డ గుర్తులు. షుగర్ మిషన్‌తో ఒకసారి చూడమనండి, షుగర్ పడిపోయినా ఇలా మాట్లాడతారు. సెలైన్ ఆపకుండా 108లో పంపమనండి. వెళ్లే చోటికి ముందే ఫోన్ చేసి ఈఆర్‌సీపీ చేసే డాక్టరు ఈ రాత్రి ఉన్నారో లేదో కనుక్కోండి. ఆదివారం రాత్రి బోర్డు చూసి వెళ్తే సరిపోదు.

సర్జరీ పీజీ
సిస్టర్ చెప్పింది సరైందే. నేనైతే వీలుంటే ముందు ఎంఆర్‌సీపీ, అంటే ఎంఆర్‌ఐ మిషన్‌లో గొట్టాన్ని చూసే స్కాన్, తీయిస్తాను. గొట్టంలో ఉన్నది రాయా, గడ్డా అన్నది తెలిస్తే పని తేలిక. ఈఆర్‌సీపీ చిన్నదేం కాదు, నూటికి ముగ్గురి నుంచి పదిమంది దాకా తర్వాత పాంక్రియాస్ వాపు వస్తుంది.

ఎండోస్కోపీ సిస్టర్
డాక్టరు గారూ, బీపీ 110 దగ్గర నిలబడి ఉంటే నేనూ ఎంఆర్‌సీపీకే ఓటేసేదాన్ని. 90కి పడిన మనిషిని అరగంట ఆ ఎంఆర్‌ఐ మిషన్‌లో పడుకోబెట్టడం నాకు భయం.

సర్జరీ పీజీ
మా యూనిట్‌లో ఇద్దరు సీనియర్లకే దీని మీద కుదరదు. స్టెంట్ వేసి ముందు రసం దింపి, మిగతా చిత్రం తర్వాత చూసుకోవడం ఒక దారి, అది ఒప్పుకుంటాను.

లంక కోడలు
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. కాకినాడలో ఆ రాత్రే చేశారు. నోట్లోంచి ట్యూబు పంపి, గొట్టం మూతి దగ్గర చిన్న గాటు పెట్టగానే చీము బయటికొచ్చిందట. చివర్న రాయి బిగుసుకుని ఉంది. ఆ పరిస్థితిలో రాయి జోలికి ఎక్కువ పోకుండా ప్లాస్టిక్ స్టెంట్ వేసి బయటికొచ్చేశామన్నారు. అంతకుముందు విటమిన్ కె ఇంజెక్షన్ చేశారు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని. తెల్లారేసరికి జ్వరం లేదు, బీపీ పడకుండా ఎక్కిస్తున్న మందు తగ్గించారు. నన్ను నా పేరుతోనే పిలిచారు. కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది, దానికి తగ్గట్టు యాంటీబయాటిక్ మార్చారు. లెప్టో లేదు శీను గారూ.

పాలకొల్లు పెద్దాయన
అమ్మయ్య. మా వాడి కామెర్లూ ఇవీ వేరని ఇప్పుడర్థమైంది. నాకో అనుమానం. మా వీధిలో ఒకాయనకి జ్వరమే లేదు, నొప్పీ అంతగా లేదు, కళ్లు పచ్చబడి నీరసపడ్డాడు. అదీ ఇదేనా?

ఎండోస్కోపీ సిస్టర్
కావచ్చు, కాకపోవచ్చు. మూడు గుర్తులూ అందరిలో కలిసిరావు. 75 దాటినవాళ్లలో జ్వరం రాకుండా అన్నం మానేయడం, మతిమరుపు పెరగడంతోనే బయటపడ్డవీ చూశాను. కానీ నొప్పి లేకుండా మెల్లగా పచ్చబడుతూ, ఒళ్లు దురద, మలం తెల్లగా, బరువు తగ్గడం ఉంటే గొట్టం దగ్గర గడ్డ ఉందేమో కూడా చూడాలి. ఆయన్ని ఇక్కడ రాసిన మాటలతో తేల్చలేం.

లంక కోడలు గారూ, డిశ్చార్జి కాగితంలో స్టెంట్ తీసే తేదీ రాశారా? ప్లాస్టిక్ స్టెంట్ మామూలుగా మూడు నెలల్లో తీయాలి లేదా మార్చాలి. మనిషి బాగా తిరుగుతుంటే ఇంట్లో మర్చిపోతారు, లోపల అది పూడుకుపోయి ఇదే జ్వరం మళ్లీ వస్తుంది.

లంక కోడలు
ఆరు వారాలకి రమ్మన్నారండి, అప్పుడే రాయి కూడా తీస్తామన్నారు. ఈ రాయి పాతదా, కొత్తదా అనడిగితే చెప్పలేమన్నారు. ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవలో ఎంత వస్తుందో ఇంకా తేలలేదు. రెండోసారికి మళ్లీ అనుమతి తీసుకోవాలా, ఎవరికైనా తెలుసా?