పాత కారు: వయసు చూడాలా, తిరిగిన కిలోమీటర్లు చూడాలా?

కొత్తడ్రైవరు: ఒకే మోడల్, పెట్రోల్ కార్లు రెండు చూశాను. మొదటిది 2016ది, తొమ్మిదేళ్లలో 28,000 కిలోమీటర్లే తిరిగింది. రెండోది నాలుగేళ్లది, కానీ 1,10,000 తిరిగింది. ధర దాదాపు ఒకటే. తక్కువ ఇబ్బంది పెట్టేది ఏది?

టాప్‌గేరు: ఇందులో ఆలోచించడానికేముందండీ? తిరిగితేనే అరుగుతుంది. 28 వేలంటే ఇంజను ఇంకా కొత్తదే. కళ్లు మూసుకుని మొదటిది తీసుకోండి.

పాతస్పానర్: కళ్లు మాత్రం తెరిచే ఉంచండి. రబ్బరుకి మీటరుతో పని లేదు, ఊరికే నిలబెట్టినా గట్టిపడి పగులుతుంది. రేడియేటర్ గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజను మౌంట్లు అన్నీ ఆ బాపతే. ఇంజనులో టైమింగ్ చైన్ కాకుండా బెల్టు ఉంటే, కంపెనీ దానికి కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా గడువు పెడుతుంది. ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. 28 వేలే కదా అని వదిలేస్తే, అది తెగిన రోజు చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

ఇంతకీ రెండు కార్లూ ఎలా తిరిగాయి?

కొత్తడ్రైవరు: మొదటిది ఇంటి చుట్టుపక్కల పనులకే వాడారట. రెండో ఆయన రోజూ హైవే మీద ఉద్యోగానికి వెళ్లొచ్చేవారట.

పాతస్పానర్: అయితే గంటల్లో లెక్కేద్దాం. ట్రాఫిక్‌లో సగటు వేగం గంటకు 15 అనుకుంటే, 28,000 కిలోమీటర్లకు ఇంజను సుమారు 1,870 గంటలు నడిచింది. హైవే మీద సగటు 60 అనుకుంటే, 1,10,000కు 1,830 గంటలు. ఇంజను పడ్డ శ్రమ ఇంచుమించు సమానం! పైగా మొదటిది రోజుకు ఎనిమిదీ తొమ్మిదీ కిలోమీటర్లు మించలేదు. అంత చిన్న ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులోకి చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. ఆయిల్ పోసే మూత తిప్పి, లోపలివైపు పాలమీగడ లాంటి జిడ్డు ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు అదే కారణం. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి.

నీలిహ్యాచ్‌బ్యాక్: నేనైతే నాలుగేళ్లదే అంటాను. మళ్లీ అమ్మేటప్పుడు మోడల్ ఇయరే కదా అడుగుతారు.

టాప్‌గేరు: అమ్మే సంగతి ఆయన అడగలేదండీ. అయినా ఆ హైవే కథ అమ్మేవాళ్లందరూ చెప్పేదే. దాన్ని నమ్మి లక్ష దాటిన బండి కొంటారా?

పాతస్పానర్: కథని నమ్మక్కర్లేదు, సర్వీసు పుస్తకం ఉంటుందిగా. నాలుగేళ్లకు 1,10,000 అంటే ఏడాదికి 27,500. సర్వీసు ప్రతి 10,000కీ అయితే ఏడాదికి రెండు మూడు సార్లు స్టాంపు పడాలి. ఏడాదికొక్కటే ఉంటే ఆయిల్ గడువు దాటి చాలా దూరం నడిపినట్టే, ఆ కారు వదిలేయండి. క్లచ్ కూడా చూడండి. నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కితే, ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. షాకబ్జార్బర్లకు, వీల్ బేరింగులకు ఈ దూరంలో ఖర్చు రావచ్చు. అది ముందే తెలిసిన ఖర్చు కాబట్టి నాకు భయం లేదు.

తాతగారికారు: మా ఇంట్లో కారు ఇలాగే షెడ్డులో ఉండేది, మీటరు చూస్తే ముచ్చటేసేది. తొలిసారి దూరప్రయాణానికి తీస్తే దారిలోనే కూలెంట్ గొట్టం పగిలింది. గొట్టాలన్నీ మార్చాక మాత్రం ఇప్పటిదాకా మళ్లీ పేచీ పెట్టలేదు.

టాప్‌గేరు: చూశారా! గొట్టాలు, బెల్టు మారిస్తే అయిపోయింది. ఇంజను మార్చక్కర్లేదుగా.

పాతస్పానర్: ఆ మాటలో కొంత నిజముంది. ఖరీదైన భాగాలు బాగుంటే రబ్బరు సామాను మార్చుకోవచ్చు. కానీ ఆ 28,000 నిజమో కాదో ముందు తేలాలి. టైరు పక్క గోడ మీద DOT వరుస చివర నాలుగంకెలు చూసి చెప్పండి.

కొత్తడ్రైవరు: నాలుగు టైర్లకీ 3519 అని ఉంది. స్టెప్నీకి 0816.

పాతస్పానర్: స్టెప్నీ 2016 ఎనిమిదో వారంలో తయారైంది, అంటే కారుతో వచ్చిందే. మిగతావి 2019 ముప్పై అయిదో వారానివి. ఆయన చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి కారు పదివేలు తిరిగి ఉండాలి. పదివేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చారు?

టాప్‌గేరు: వెడల్పు టైర్ల సరదా ఉండొచ్చు కదా.

పాతస్పానర్: ఉండొచ్చు. స్టెప్నీ సైజూ ఈ నాలుగింటి సైజూ పోల్చి చూడండి. తేడా ఉంటే మీ మాటే నిజం కావచ్చు. ఒకే సైజైతే బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటు అంచు ఎంత అరిగాయో చూడాలి.

కొత్తడ్రైవరు: సైజు ఒకటే. పెడల్ రబ్బరు ఎడమవైపు నున్నగా అరిగి ఉంది. టైర్లు ఎందుకు మార్చారని అడిగితే పాత బిల్లులు వెతికి చూపిస్తానన్నారు. రెండో కారు సర్వీసు పుస్తకం రేపు తెస్తారు.