‘చెరువులో జలం నిండుగా ఉన్నాయి’: మూడో తరగతి పర్యాయపదాల వర్క్‌షీట్ గురించి

కావలి నుంచి ఒక ఉపాధ్యాయిని:
సభ్యులందరికీ నమస్కారం. మా మూడో తరగతి పిల్లలకు పర్యాయపదాల వర్క్‌షీట్ ఒకటి తయారు చేసి ఇచ్చాను. ఎడమ వైపు నీళ్లు, ఇల్లు, కన్ను, చెట్టు, సముద్రం అనీ, కుడి వైపు నేత్రం, వృక్షం, కడలి, జలం, గృహం అనీ రాసి గీతలతో జతపరచమన్నాను. ఆ తర్వాత నేను ఇచ్చిన వాక్యాలనే రెండో పదంతో తిరిగి రాయమన్నాను. జతలు దాదాపు అందరూ సరిగానే కలిపారు. వాక్యాల దగ్గరే చిక్కు వచ్చింది. ‘చెరువులో నీళ్లు నిండుగా ఉన్నాయి’ అన్న వాక్యాన్ని ఒక పాప ‘చెరువులో జలం నిండుగా ఉన్నాయి’ అని రాసింది. ‘కంటిలో నలుసు పడింది’ అన్నదాన్ని ఒక బాబు ‘నేత్రంటిలో నలుసు పడింది’ అని రాశాడు. వీటికి మార్కు వేయాలా, కొట్టివేయాలా అన్నది తేల్చుకోలేక అడుగుతున్నాను.

ఒంగోలు సభ్యుడు:
మేడం, తప్పు పిల్లలది కాదు, సంస్కృత పదాలది. ఎనిమిదేళ్ల పిల్లలు ఇంట్లో వినేది తెలుగు మాట, పుస్తకంలో చూసేది సంస్కృత పదం. సంస్కృత పదాలన్నీ తీసివేసి తెలుగు మాటలకు తెలుగు మాటలే ఇస్తే ఈ ఇబ్బంది ఉండదు.

నెల్లూరు, విశ్రాంత తెలుగు పండితుడు:
ఒంగోలు మిత్రుడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అయితే ఆ వర్క్‌షీట్‌లోనే ఉన్న సముద్రం, కడలి అన్న జతను చూడండి. మన తీరంలో పిల్లలు రోజూ అనే సముద్రం సంస్కృతం నుంచి వచ్చిన మాట. పద్యాల్లోనూ పాటల్లోనూ తప్ప వినపడని కడలి అచ్చ తెలుగు మాట. కాబట్టి ఏ భాష నుంచి వచ్చిందన్నది కాక, పిల్లవాడి నోట ఆ మాట ఆడుతోందా లేదా అన్నదే చూడాలి.

ఇక అమ్మాయి రాసిన వాక్యం సంగతి. నీళ్లు ఎప్పుడూ బహువచనమే కాబట్టి ‘ఉన్నాయి’ అంటాము, జలం ఏకవచనం కాబట్టి ‘ఉంది’ అనాలి. పాప మాటను మార్చింది, క్రియను మార్చాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బాబు విషయంలో చిక్కు మరొకటి. కన్ను, ఇల్లు, నీరు అన్నవి ‘లో’, ‘కి’ చేరేటప్పుడు కంటి, ఇంటి, నీటి అని రూపం మార్చుకుంటాయి. నేత్రం, గృహం, జలం ‘లో’ చేరేటప్పుడు అలా మారవు. నేత్రంలో, గృహంలో, జలంలో అంటాము. అతడు ‘కం’ తీసి ‘నేత్రం’ పెట్టి ‘టి’ని అలాగే ఉంచాడు. ‘చెట్టు మీద పిట్ట వాలింది’ వంటి వాక్యం ఇచ్చి ఉంటే ‘వృక్షం మీద’ అని ఇద్దరూ తడుముకోకుండా రాసేవారు, ఎందుకంటే అక్కడ మారవలసింది ఏమీ లేదు. అర్థానికి మార్కు వేసి, తప్పు రూపం కింద గీత గీసి, సరైన రూపాన్ని పిల్లల చేతనే పలికించండి.

కందుకూరు విద్యార్థి:
పండితుల వారూ, కరం అంటే చేయి, పన్ను, కిరణం, ఏనుగు తొండం కూడా కదా. అవి కూడా ఈ వర్క్‌షీట్‌లో చేర్చవచ్చు.

నెల్లూరు పండితుడు:
అబ్బాయీ, ఒకే మాటకు అనేక అర్థాలుంటే అవి నానార్థాలు. ఇక్కడ ఒకే అర్థానికి అనేక మాటలు. ఆ వయసులో రెండూ ఒకే కాగితం మీద పెట్టవద్దు.

మేడం, ఇంకొక సంగతి. రెండు వైపులా అయిదేసి పదాలుంటే అయిదో జత తెలియకపోయినా కలిసిపోతుంది. కుడి వైపు రెండు అదనపు పదాలు పెట్టండి. వాక్యంలో మాట మార్చమనడానికి బదులు ఏ మాట ఎక్కడ నప్పుతుందో ఎంచుకోమనండి. కొత్త ఇంట్లో చేరేది గృహప్రవేశం. దాన్ని ఇంటిప్రవేశం అనము. దాహం వేసినవాడు మంచినీళ్లు అడుగుతాడు, జలం అడగడు.

ఉదయగిరి సభ్యురాలు:
మా మనవరాలు అన్నం పక్కన ‘కూడు’ అని రాస్తే పంతులమ్మ కొట్టివేసింది. మా అమ్మ పొలం నుంచి వస్తూనే ‘కూడు తిన్నారా’ అని అడిగేది. ఆ మాటలో తప్పేమిటో ఎవరైనా చెప్పండి.

కావలి ఉపాధ్యాయిని:
పండితుల వారి మాట ప్రకారం ఈ రోజు వాక్యాలు మార్చి ఇచ్చాను. గృహప్రవేశం అనగానే సగం తరగతి తమ ఇంట జరిగిన వేడుక చెప్పడం మొదలుపెట్టింది. ‘నేత్రంటి’ రాసిన బాబు ‘నేత్రంలో’ అని రెండుసార్లు పలికి, తానే దిద్దుకున్నాడు. జలం రాసిన పాప మాత్రం ఇంకా ‘ఉన్నాయి’ దగ్గర ఆగుతోంది. అక్కయ్య గారూ, మీ మనవరాలి జతను నేనైతే కొట్టివేయను. అయితే ఇంటికి వచ్చిన చుట్టాన్ని ‘కూడు తినండి’ అనమని పిల్లలకు నేర్పలేను.

ఉదయగిరి సభ్యురాలు:
చుట్టాన్ని అనకూడదన్నది మీరు చెప్పాకే ఆలోచించాను. మా అమ్మ మమ్మల్నే అలా అడిగేది. అప్పుడది మన్నన తక్కువ మాట ఎలా అవుతుందో నాకు ఇంకా ఒప్పుదల కావడం లేదు.