సీసా లేబుల్ మీద అక్షరాలు వంపులో సరిగ్గా కూర్చోవడం లేదు, ఎలా సరిచేయాలి?

మా ఆవకాయ సీసా ఫొటోలో లేబుల్ మీది "నికర బరువు 500 గ్రా." అన్న వరుసను 450 గా మార్చాలి. సీసాలు మారాయి, మళ్లీ ఫొటో తీయించే వీలు లేదు. ఫొటోషాప్‌లో పాత అక్షరాలు చెరిపి నేపథ్యం శుభ్రం చేశాను. కొత్త వరుసను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి `Edit > Transform > Warp` లో `Arc` ఇచ్చాను. వంపు వచ్చింది గానీ అతికించినట్టే ఉంది.

కారణం కొంత అర్థమైంది. ఆ వరుస లేబుల్ కుడి అంచు దగ్గర ఉంది. సీసా మధ్య నుంచి వ్యాసార్ధంలో 0.8 వంతు దూరంలో అక్షరం వెడల్పు సుమారు 60 శాతానికి కుదించుకుపోవాలి. `Arc` ఆ పని చేయదు. పైగా కెమెరా కాస్త ఎత్తులో ఉండటంతో లేబుల్ పై అంచు కంటే కింది అంచు ఎక్కువ వంగింది.

ఒక్క వరుసనే వంచకుండా, లేబుల్ అంతటినీ బల్లపరుపుగా గీసి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో పెట్టి, దాని రెండు అంచులకు సరిపోయేలా వంచడం మేలా? అలా చేస్తే పక్కల కుదింపు కోసం వార్ప్ గడిలో నిలువు గీతలను ఎక్కడ పెట్టాలి? కంటి అంచనా కాకుండా లెక్క ఏదైనా ఉంటే చెప్పగలరు.